డి-డైమర్: కరిగిన గడ్డ వదిలిన తునక

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క రక్తపరీక్ష గురించి మాట్లాడుకుందాం. రిపోర్టులో డి-డైమర్ ఎదురుగా "ఎక్కువ" అని పడిందంటే చాలు, ఒంట్లో ఎక్కడో రక్తపు గడ్డ ఉందన్న భయం మొదలవుతుంది. మామూలుగా ఉందంటే ఇక ఏమీ లేదన్న ధీమా వస్తుంది. ఆ అంకెను అలా విడిగా చదివితే రెండు వైపులా పొరపాటు పడతాం. అది ఎక్కడ పుడుతుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో మనకే తెలిసిపోతుంది. కాబట్టి ముందు గడ్డ దగ్గర మొదలుపెడదాం.

మన రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఎప్పుడూ కరిగి తిరుగుతూ ఉంటుంది. డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. దాని ఆకారం గుర్తుపెట్టుకోండి, ఈ ఉపన్యాసమంతా దాని మీదే నడుస్తుంది. ఒక పొడవాటి కణిక. రెండు చివర్లా రెండు బొడిపెలు, మధ్యలో ఒక బొడిపె. చివరి రెండింటినీ డి అంటారు, మధ్యదాన్ని ఇ అంటారు. మధ్య బొడిపెను చివరి బొడిపెలతో కలిపేవి మెలితిరిగిన సన్నని కాడలు. అంటే వరుసగా డి, ఇ, డి.

రక్తనాళానికి దెబ్బ తగిలినప్పుడు త్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుంది. అది ఫైబ్రినోజెన్ మధ్య బొడిపె మీద ఉన్న చిన్న మూతల్లాంటి ముక్కలను కత్తిరించేస్తుంది. మూతలు పోగానే ఇ బొడిపె పక్క కణికల డి బొడిపెలకు అతుక్కుంటుంది. అలా వేల కణికలు వరుసగా పేరుకుని దారాలవుతాయి, దారాలు కలిసి వల అవుతాయి. ఇదే ఫైబ్రిన్. కానీ ఈ అతుకు ఇంకా వదులే. అప్పుడు ఫ్యాక్టర్ 13 అనే మరో ఎంజైము వస్తుంది. దీన్ని చురుకు చేసేదీ త్రాంబినే. ఇది ఒక కణిక డి బొడిపెను, దాని పక్క కణిక డి బొడిపెతో రసాయన బంధంతో కుట్టేస్తుంది. ఆ కుట్టు పడ్డాక వల గట్టిపడుతుంది.

ఈ కుట్టు మాటే మనకు ముఖ్యం. రెండు వేర్వేరు కణికలకు చెందిన రెండు డి బొడిపెలు ఇప్పుడు విడదీయలేని జంట అయ్యాయి.

ఇక కరిగించే పని. గాయం మానాక ఈ వల అక్కడే ఉండిపోతే రక్తప్రవాహానికి అడ్డం. అందుకని శరీరం గడ్డ కట్టే క్షణంలోనే దాన్ని కోసే కత్తెరను కూడా అందులో పెట్టేస్తుంది. కాలేయం ప్లాస్మినోజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది కోయలేని స్థితిలో ఉన్న కత్తెర. దాని ఒంటి మీద క్రింగిల్స్ అనే మడతలు ఉంటాయి. ఆ మడతలు ఫైబ్రిన్ మీద ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటాయి. కాబట్టి వల అల్లుకుంటున్నప్పుడే ప్లాస్మినోజెన్ దాని పోగుల మధ్య ఇరుక్కుంటుంది.

ఆ కత్తెరను తెరిచేది టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్. పొట్టిగా టీపీఏ అంటారు. రక్తనాళాల లోపలి పొర కణాలు దీన్ని విడుదల చేస్తాయి. రక్తంలో ఇది నాలుగైదు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. పైగా ఒంటరిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏ పనీ చేయదు. ఫైబ్రిన్ మీద వాలినప్పుడు, పక్కనే ప్లాస్మినోజెన్ కూడా వాలి ఉన్నప్పుడు, దాని వేగం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. అది ప్లాస్మినోజెన్‌లో ఒకే ఒక్క చోట బంధం తెంచుతుంది. అంతే, అది ప్లాస్మిన్ అయిపోతుంది, కోయడం మొదలుపెడుతుంది.

మరి ఈ కత్తెర గడ్డను దాటి రక్తంలోకి జారితే? అక్కడ ఫైబ్రినోజెన్‌ను కూడా కోసిపారేయగలదు. అలా జరిగితే ఎక్కడపడితే అక్కడ రక్తస్రావమే. దానికి కాపలాగా ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ అనే ప్రోటీన్ రక్తంలో ఉంటుంది. విడిగా తిరుగుతున్న ప్లాస్మిన్‌ను అది సెకనులో చిన్న భాగంలోనే పట్టి పనికిరాకుండా చేస్తుంది. ఫైబ్రిన్‌ను పట్టుకుని ఉన్న ప్లాస్మిన్‌ను మాత్రం అంత తేలిగ్గా పట్టుకోలేదు, ఎందుకంటే ప్లాస్మిన్‌ను పట్టుకోవడానికి దానికి కావలసిన మడతలు అప్పటికే ఫైబ్రిన్‌తో నిండి ఉంటాయి. చూశారా, ఎంత పొందికైన ఏర్పాటో. కోయవలసిన చోట కత్తెరకు రక్షణ, అక్కడి నుంచి కదిలితే వెంటనే బంధనం.

ఈ కాపలాకు ఒక హద్దు ఉంది. రక్తంలో యాంటీప్లాస్మిన్ అణువుల సంఖ్య ప్లాస్మినోజెన్ అణువుల్లో సగం మాత్రమే. ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డ చేరి రక్తపోటు పడిపోయినవారికి ఆల్టెప్లేస్ అనే మందు ఇస్తారు. అది ప్రయోగశాలలో చేసిన టీపీఏనే. సాధారణంగా 100 మిల్లీగ్రాములు 2 గంటల్లో ఎక్కిస్తారు. అంత మోతాదులో వెళ్లినప్పుడు తయారయ్యే ప్లాస్మిన్ కాపలాదారుల సంఖ్యను మించిపోతుంది, ఫైబ్రినోజెన్ కూడా తెగిపోతుంది. ఆ మందుతో మెదడులో రక్తస్రావం వచ్చే ప్రమాదం ఎందుకుందో దీనితో అర్థమవుతుంది. దీనికి వ్యతిరేక దిశలో పనిచేసేది ట్రానెక్సామిక్ ఆమ్లం. అది లైసిన్‌ను పోలి ఉంటుంది. మడతలను ముందే నింపేస్తుంది. ప్లాస్మినోజెన్‌కు ఫైబ్రిన్ దొరకదు, గడ్డ నిలుస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది.

ఇప్పుడు ప్లాస్మిన్ ఎక్కడ కోస్తుందో చూద్దాం. బొడిపెలను అది తొందరగా కోయలేదు, అవి గట్టివి. డి, ఇ బొడిపెలను కలిపే సన్నని కాడలను కోస్తుంది. కాడలు తెగితే ఏం మిగులుతుంది? ఫ్యాక్టర్ 13 కుట్టిన డి-డి జంట అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ కుట్టును ప్లాస్మిన్ విప్పలేదు. ఆ జంటే డి-డైమర్. మామూలు ఫైబ్రినోజెన్‌ను ప్లాస్మిన్ కోస్తే ఒంటరి డి, ఒంటరి ఇ వస్తాయి, జంట రాదు.

కాబట్టి ఒక డి-డైమర్ అణువు కనిపించిందంటే ముగ్గురి చేతులు పడ్డాయన్నమాట. త్రాంబిన్ అల్లింది, ఫ్యాక్టర్ 13 కుట్టింది, ప్లాస్మిన్ కోసింది. ఈ పరీక్ష ఖచ్చితంగా చెప్పగలిగింది ఇంతే. ఎక్కడ అల్లారో చెప్పదు, ఎందుకు అల్లారో చెప్పదు, ఇంకా ఎంత మిగిలిందో చెప్పదు. కూల్చిన గోడ శిథిలాలు దారిలో కనిపిస్తే ఎక్కడో గోడ కూలిందని తెలుస్తుంది. ఏ ఇంటి గోడో, ఇంకెంత నిలిచి ఉందో శిథిలాలను చూసి చెప్పలేం.

ఇక్కడ నుంచి పరీక్ష బలం, బలహీనత రెండూ వాటంతట అవే వస్తాయి. ఫైబ్రిన్ పడే చోటల్లా డి-డైమర్ పుడుతుంది. న్యుమోనియాతో ఎర్రబడ్డ ఊపిరితిత్తిలో ఫైబ్రిన్ ఉంటుంది. శస్త్రచికిత్స కోతలో ఉంటుంది, విరిగిన ఎముక చుట్టూ, పెద్ద కమిలిన గాయంలో, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినప్పుడు కూడా ఉంటుంది. క్యాన్సర్ కణాలు గడ్డకట్టే ప్రక్రియను రేపుతాయి. గర్భిణిలో నెలలు నిండే కొద్దీ డి-డైమర్ పెరుగుతూ పోతుంది, చివరి మూడు నెలల్లో చాలామందికి మామూలు హద్దు దాటుతుంది. వయసుతోనూ పెరుగుతుంది. తీవ్రమైన కోవిడ్‌లో ఎక్కువగా కనిపించడానికీ కారణం ఇదే. వాపు, ఊపిరితిత్తుల్లో ఫైబ్రిన్, కొందరిలో నిజమైన గడ్డలు, అన్నీ కలిసి ఆ అంకెలోకి చేరాయి. ఆసుపత్రిలో చేరి పడుకున్న రోగుల్లో చాలామందికి ఇది ఎక్కువగానే ఉంటుంది. అందుకే వార్డులో ఉన్నవారికి గడ్డను వెతకడానికి ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు.

మరి దేనికి పనికొస్తుంది? లేదని చెప్పడానికి. కాలి లోపలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో కొత్తగా చెప్పుకోదగ్గ గడ్డ కడితే, దాన్ని ప్లాస్మిన్ వెంటనే కొరకడం మొదలుపెడుతుంది, కాబట్టి డి-డైమర్ దాదాపు తప్పక పెరుగుతుంది. పెరగలేదంటే గడ్డ ఉండే అవకాశం బాగా తక్కువ. కానీ "దాదాపు" అన్నాను. ఆ మాటలో ఎంత బరువు ఉందో లెక్క వేసి చూపిస్తాను.

సులభంగా ఉండటానికి అంకెలు ఊహించుకుందాం. గడ్డ ఉన్న 100 మందిలో 97 మందికి పరీక్ష పాజిటివ్ వస్తుందనుకోండి. గడ్డ లేనివారిలో 40 శాతం మందికే నెగిటివ్ వస్తుందనుకోండి. ఇప్పుడు లక్షణాలను బట్టి గడ్డ ఉండే అవకాశం పదో వంతే ఉన్న 1,000 మందిని తీసుకుందాం. 100 మందికి గడ్డ ఉంది, వారిలో ముగ్గురికి నెగిటివ్ వచ్చింది. గడ్డ లేని 900 మందిలో 360 మందికి నెగిటివ్. మొత్తం నెగిటివ్ 363, అందులో గడ్డ ఉన్నది ముగ్గురికి. అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. ఇది నమ్మదగిన అభయం. అదే గుంపులో పాజిటివ్ వచ్చినవారు 637 మంది. అందులో నిజంగా గడ్డ ఉన్నది 97 మందికి. సుమారు 15 శాతం. పాజిటివ్ వచ్చిన ఆరేడుగురిలో ఒక్కరికే గడ్డ ఉందన్నమాట.

అదే పరీక్షను గడ్డ ఉండే అవకాశం సగానికి సగం ఉన్న 1,000 మందిలో చేస్తే? 500 మందికి గడ్డ, వారిలో 15 మందికి నెగిటివ్. గడ్డ లేని 500 మందిలో 200 మందికి నెగిటివ్. మొత్తం 215 నెగిటివ్‌లలో 15 మందికి గడ్డ ఉంది, ఇంచుమించు 7 శాతం. ఇంత ప్రమాదాన్ని వదిలేసి రోగిని ఇంటికి పంపలేం. పరీక్ష ఒకటే, అర్థం మారిపోయింది. అందుకనే ముందు రోగిని చూసి అవకాశం అంచనా వేయాలి, ఆ తర్వాతే రక్తం తీయాలి. ఈ వరుస తలకిందులైతే అంకెకు విలువ పోతుంది.

ఆ అంచనాకు వాడే పట్టీల్లో వెల్స్ స్కోరు ఒకటి. ఊపిరితిత్తుల్లో గడ్డ అనుమానం ఉన్నప్పుడు కాలిలో గడ్డ లక్షణాలుంటే 3, గడ్డే అన్నిటికంటే ఎక్కువ సంభావ్యమని వైద్యుడికి తోస్తే 3, నాడి నిమిషానికి 100 దాటితే 1.5, నాలుగు వారాల్లోపు శస్త్రచికిత్స జరిగినా మంచాన ఉన్నా 1.5, ఇంతకుముందు గడ్డ వచ్చి ఉంటే 1.5, దగ్గులో రక్తం పడితే 1, క్యాన్సర్ ఉంటే 1. మొత్తం 4 లేదా అంతకంటే తక్కువైతే అవకాశం తక్కువ అంటారు.

ఒక రోగిని తీసుకుందాం. ఆమె వయసు 72. రెండు రోజులుగా ఆయాసం, జ్వరం, లోతుగా ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర పోటు. నాడి 92, రక్తపోటు మామూలే. కాళ్లు వాపు లేవు, శస్త్రచికిత్సలు లేవు, క్యాన్సర్ లేదు, ఇంతకుముందు గడ్డల చరిత్ర లేదు, దగ్గులో రక్తం లేదు. స్టెతస్కోపులో కుడి ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా శబ్దాలు. వైద్యుడికి న్యుమోనియాయే ముందు తోచింది. స్కోరు సున్నా. డి-డైమర్ తీశారు, 640 వచ్చింది. రిపోర్టు పక్కన "సాధారణం: 500 లోపు" అని ఉంది, అంకె కింద గీత ఉంది. ఇప్పుడు సీటీ స్కాన్ చేయాలా?

వయసుతో డి-డైమర్ పెరుగుతుందన్నాం కదా. అందుకని 50 ఏళ్లు దాటినవారికి వయసును 10తో గుణించి ఆ అంకెను హద్దుగా తీసుకుంటారు. 2014లో అడ్జస్ట్-పీఈ అనే అధ్యయనం దీన్ని పరీక్షించి చూసింది. 72ను 10తో గుణిస్తే 720. మన రోగి అంకె 640, హద్దుకు లోపలే. స్కోరు తక్కువ, అంకె హద్దులో ఉంది. స్కాన్ అక్కర్లేదు, న్యుమోనియాకు చికిత్స మొదలుపెట్టాలి. 2017లో వచ్చిన ఇయర్స్ పద్ధతి ఇంకో దారి చూపుతుంది. కాలిలో గడ్డ లక్షణాలు, దగ్గులో రక్తం, గడ్డే ఎక్కువ సంభావ్యమన్న వైద్యుడి అభిప్రాయం, ఈ మూడింటిలో ఒక్కటీ లేకపోతే హద్దు 1,000. ఏ ఒక్కటున్నా 500. ఆ లెక్కన కూడా ఈమెకు స్కాన్ వద్దు.

ఇప్పుడు ఆ రిపోర్టును ఇంకా దగ్గరకు తెచ్చుకుని చూడండి. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఒక యూనిట్ ఉంటుంది. దానికి రెండు రకాలున్నాయి, ఎఫ్.ఇ.యు., డి.డి.యు. మొదటిది ఈ తునక ఎంత ఫైబ్రినోజెన్ నుంచి వచ్చిందో ఆ బరువును చెబుతుంది. రెండోది తునక బరువునే చెబుతుంది. ఫైబ్రినోజెన్ అణువు బరువు డి-డైమర్ కంటే రమారమి రెట్టింపు కాబట్టి, ఒక డి.డి.యు. సుమారు రెండు ఎఫ్.ఇ.యు.లకు సమానం. 500, 720, 1,000 అన్న హద్దులన్నీ ఎఫ్.ఇ.యు. లెక్కలోవి. మన రోగి 640 డి.డి.యు. లెక్కలో వచ్చిందనుకోండి. అది 1,280 ఎఫ్.ఇ.యు. అయింది. 720 దాటింది, 1,000 కూడా దాటింది. స్కాన్ చేయాల్సిందే. అంకె అదే, అక్షరం మారితే నిర్ణయం తిరగబడింది. డి.డి.యు. లెక్కలో వచ్చే రిపోర్టుకు వయసు హద్దు కావాలంటే వయసును 5తో గుణించాలి. దీనికి తోడు మిల్లీలీటరుకు నానోగ్రాములా, లీటరుకు మిల్లీగ్రాములా అన్న తేడా. మిల్లీలీటరుకు 500 నానోగ్రాములంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాము. పరీక్ష రాసిన వైద్యుడూ, రిపోర్టు చదివే బంధువూ ఇద్దరూ యూనిట్‌తో కలిపి చదవాలని నేను గట్టిగా అంటాను.

ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకూడదన్నదీ ఇక్కడే చెప్పాలి. రక్తంలో తిరిగేవి శుభ్రమైన డి-డి జంటలే కావు, ఆ జంటతో పాటు ఇతర ముక్కలు అతికి ఉన్న చిన్నా పెద్దా తునకలు. ఒక్కో కంపెనీ కిట్‌లోని యాంటీబాడీ వాటిలో ఒక్కో రకాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి నిన్న ఒకచోట 900, ఈరోజు ఇంకోచోట 1,300 వస్తే పెరిగిందని అనుకోవడానికి లేదు.

రక్తం తీసేటప్పుడూ ఒక పొరపాటు జరుగుతుంది. దీనికి నీలిరంగు మూత ఉన్న సిట్రేట్ గొట్టం వాడతారు. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ద్రవం ఉంటుంది. గీత దాకా రక్తం నిండకపోతే నమూనా పలచబడి, అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. హద్దుకు దగ్గర్లో ఉన్నవారిలో ఇది ప్రమాదం.

మళ్లీ రోగి దగ్గరకే వద్దాం. అదే వయసు, కానీ మూడు వారాల క్రితం తుంటి శస్త్రచికిత్స అయింది. 1.5. నాడి 110. మరో 1.5. జ్వరం లేదు, ఊపిరితిత్తుల శబ్దాలు బాగానే ఉన్నాయి, గడ్డే ముందు తోస్తోంది. 3. మొత్తం 6. ఈమెకు డి-డైమర్ తీయకూడదు. శస్త్రచికిత్స వల్ల ఎలాగూ పెరిగే ఉంటుంది, కొత్తగా ఏమీ చెప్పదు. ఒకవేళ తక్కువ వచ్చినా ఇంత అనుమానాన్ని కొట్టేయడానికి ఆ అంకె చాలదు. నేరుగా సీటీ యాంజియోగ్రామ్. రక్తపోటు పడిపోతున్న రోగి విషయంలో ఐతే డి-డైమర్ ఊసే వద్దు.

గడ్డ ఉండి కూడా అంకె తక్కువ వచ్చే సందర్భాలు మూడు గుర్తుంచుకోండి. ఒకటి, గడ్డ చిన్నది. పిక్క సిరల్లో, ఊపిరితిత్తుల అంచు కొమ్మల్లో ఉన్నది. రెండు, గడ్డ పాతబడింది. ఒకటి రెండు వారాలు దాటాక గడ్డలోకి కణాలు పాకి, అది మచ్చగా మారుతుంది, కోయడానికి ఫైబ్రిన్ తగ్గుతుంది. కాలు వాచి మూడు వారాలయ్యాక వచ్చిన రోగికి నెగిటివ్ వచ్చినా నేను కాలి సిరలను చూపే డాప్లర్ స్కాన్ చేయిస్తాను. మూడు, గడ్డలకు ఇచ్చే హెపారిన్ లాంటి మందు అప్పటికే మొదలైంది.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: హెపారిన్ గడ్డను కరిగించే మందు కదా సార్. కరిగితే తునకలు ఎక్కువ రావాలి కదా. తగ్గుతాయంటున్నారేంటి?

మంచి ప్రశ్న. హెపారిన్ గడ్డను కరిగించదు. రక్తం పలచబడటానికి ఇచ్చే ఇప్పటి మాత్రలు కూడా కరిగించవు. అవి త్రాంబిన్ పుట్టకుండానో, పనిచేయకుండానో ఆపుతాయి, దాంతో కొత్త ఫైబ్రిన్ పడదు. గడ్డ ఉన్నచోట నిరంతరం ఒక పక్క అల్లడం, ఒక పక్క కోయడం జరుగుతూ ఉంటాయి. మందు అల్లకాన్ని ఆపితే ప్లాస్మిన్‌ది పైచేయి అవుతుంది. కొత్త సరుకు రాక తగ్గింది కాబట్టి తునకల ఉత్పత్తీ క్రమంగా తగ్గుతుంది. ఉన్న తునకలు సుమారు 8 గంటలకోసారి సగమవుతూ పోతాయి. అందుకే రక్తం తీసుకోవడం ముందు, ఇంజెక్షన్ తర్వాత. అలాగని అనుమానం బలంగా ఉన్నప్పుడు పరీక్ష కోసం మందు ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: ఏ లక్షణమూ లేదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో డి-డైమర్ కూడా ఉంది, 1,400 వచ్చింది. ఏం చేయాలి?

లక్షణాలు లేని మనిషికి ఈ పరీక్ష చేయకపోవడమే సరైనది. చేశారు కాబట్టి, ముందు యూనిట్ చూడండి. తర్వాత గత నెలరోజుల్లో జ్వరం, దెబ్బ, శస్త్రచికిత్స, గర్భం, ప్రసవం ఏమైనా ఉన్నాయా అని అడగండి. ఒక కాలు మరోదాని కంటే లావుగా ఉందా, నడిస్తే ఆయాసం కొత్తగా వస్తోందా, బరువు తగ్గుతున్నారా అని అడిగి, వైద్యుడు ఒంటిని పరీక్షించాలి. ఆ మాటల్లో ఏదైనా తేలితే దానికి తగిన పరీక్ష చేయాలి. ఏమీ తేలకపోతే, ఆ అంకె కోసమని స్కాన్లు మొదలుపెట్టొద్దు, రక్తం పలచబడే మందులు అసలే వద్దు. ఆ మందుల వల్ల వచ్చే రక్తస్రావం నిజమైనది, గడ్డ మాత్రం ఇంకా ఎవరికీ కనిపించలేదు. పిక్కలో వాపు, ఛాతీలో పోటు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా రావాలని చెప్పి పంపండి.